అడ్మిషన్ల మొదటి రోజు: రిసెప్షన్ నుంచి తల్లిదండ్రులతో ఆరు నిమిషాల మాట

రిసెప్షన్‌లో చేరిన మొదటి ఏడాది, అడ్మిషన్ల రోజున వచ్చినవాళ్లకి నాలుగు మాటలు చెప్పే పని నాకు అప్పజెప్పారు. స్కూల్ ఎప్పుడు మొదలైందో చెప్పాను. లైబ్రరీ, ఆటస్థలం, టీచర్ల అనుభవం అన్నీ చెప్పాను. చివర్లో "ఎవరూ కంగారు పడకండి" అని ముగించాను. పన్నెండు నిమిషాలు పట్టింది. నేను మైకు కింద పెట్టగానే ముందు వరుసలో ఒకాయన లేచి, "సీటు సంగతి ఇవాళే చెప్తారా అండీ?" అని అడిగారు. ఆ వెంటనే వెనక నుంచి ఒకావిడ, "జిరాక్సులు ఎన్ని సెట్లు కావాలమ్మా?" అన్నారు. మొదటి ప్రశ్నకి జవాబు నా పన్నెండు నిమిషాల్లో ఎక్కడా లేదు. రెండోదానికి జవాబు ఎనిమిదో నిమిషంలో చెప్పాను, కానీ అప్పటికి ఎవరూ వినడం లేదు.

ఆ రోజు నాకు ఒక సంగతి తెలిసింది. వాళ్ల టెన్షన్‌కి కారణం మా స్కూల్ మంచిదో కాదో తెలియకపోవడం కాదు. అది నచ్చబట్టే పొద్దున్నే వచ్చి నిలబడ్డారు. ఈ రోజు తమకి ఏం జరగబోతోందో తెలియకపోవడమే అసలు కారణం. సీటు సంగతి ఎప్పుడు తేలుతుంది, తెచ్చిన కాగితాలు సరిపోతాయా, ఎంతసేపు కూర్చోవాలి, పిల్లవాడిని ఏమైనా అడుగుతారా: ప్రతి తల్లీ తండ్రీ లోపలికి వచ్చేటప్పుడు మోసుకొచ్చే ప్రశ్నలు ఈ నాలుగే. ఈ నాలుగింటికీ జవాబు దొరికేదాకా ఇంకేం చెప్పినా చెవికెక్కదు. నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో, మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేది సుమారు నాలుగు విషయాలేనని చెప్పారు. ఆ నాలుగు చోట్లూ ముందే నిండి ఉన్న మనిషితో మనం మాట్లాడుతున్నాం. అందుకే స్వాగతం మాట ఆరు నిమిషాలు దాటకూడదని, ఆ ఆరూ ఈ నాలుగు ప్రశ్నలకే ఖర్చు కావాలని నా నియమం.

ముందు రోజు: జవాబులు కాగితం మీద తెచ్చుకోండి

మాట బాగా రావాలంటే ముందు రోజు ప్రిన్సిపాల్ గారి దగ్గర పావుగంట కూర్చోవాలి. నోటితో చెప్పించుకోవడం చాలదు. మీరే రాసుకుని, చదివి వినిపించి, "ఇలాగే చెప్పనా?" అని అడగండి. ఏ తరగతిలో ఎన్ని ఖాళీలున్నాయి? సీట్లు ఏ పద్ధతిలో ఇస్తారు: ముందు వచ్చినవాళ్లకి ముందా, లాటరీయా, చివరి తేదీ వరకు అన్ని ఫారాలూ తీసుకుని చూస్తారా? అన్నో అక్కో ఇక్కడే చదువుతుంటే తేడా ఉంటుందా? వయసు ఏ తేదీకి లెక్క వేస్తారు? ఒక కాగితం తక్కువైతే ఫారం తీసుకుంటామా, తీసుకుంటే అది తెచ్చి ఇవ్వడానికి ఎన్ని రోజుల గడువు? ఫలితం ఏ తేదీన, ఏ విధంగా తెలుస్తుంది?

వీటిలో ఖాళీల సంఖ్య చెప్పడానికి కొన్ని చోట్ల వెనకాడతారు. చెప్పనివ్వమని నేను అడుగుతాను. అరవై మంది వచ్చిన చోట ముప్పై సీట్లే ఉన్నాయని తెలిస్తే గోల అవుతుందని పెద్దవాళ్ల భయం. నా అనుభవంలో సంఖ్య చెప్పిన రోజున హాలు కాసేపు నిశ్శబ్దమవుతుంది, తర్వాత మామూలవుతుంది. చెప్పని రోజున ఆ సంఖ్యని జనమే తయారుచేస్తారు. "పదే ఉన్నాయట", "అన్నీ ఎప్పుడో అయిపోయాయట" అని పదకొండు గంటలకల్లా హాలంతా పాకుతుంది. అయినా ప్రిన్సిపాల్ వద్దంటే చెప్పకండి. అప్పుడు "ఖాళీల సంఖ్య ఈ రోజు చెప్పడం లేదు, ఫలితాలతో పాటు నోటీసు బోర్డు మీద పెడతాం" అని చెప్పండి. చెప్పని విషయాన్ని చెప్పడం లేదని ఒప్పుకుంటే చాలు, వాళ్లు దాన్ని పట్టుకుని తిరగరు.

ఎంతసేపు పడుతుందో లెక్క కట్టండి

క్యూలలో మనిషి మనసు ఎలా ఉంటుందో డేవిడ్ మైస్టర్ 1985లో ఒక వ్యాసం రాశారు. ఎంతసేపో తెలియని ఎదురుచూపు, తెలిసిన ఎదురుచూపు కంటే ఎక్కువసేపు అనిపిస్తుందని, ఆందోళన దాన్ని ఇంకా సాగదీస్తుందని అందులో ఉంది. రిసెప్షన్‌లో ఒక్క సీజన్ కూర్చున్నవాళ్లు ఎవరైనా దీన్ని ఒప్పుకుంటారు. "కాసేపట్లో పిలుస్తాం" అని చెప్పించుకున్నవాళ్లు ఐదు నిమిషాలకోసారి వచ్చి అడుగుతారు. "పదకొండున్నరకి" అని చెప్పించుకున్నవాళ్లు పదకొండుంపావుకి వస్తారు.

లెక్క కష్టం కాదు. ముందు రోజు ఒక సహోద్యోగిని తల్లిగా కూర్చోబెట్టి ఫారం తీసుకోవడం, ఒరిజినల్స్‌తో జిరాక్సులు సరిచూడడం, రిజిస్టర్‌లో రాయడం, రసీదు ఇవ్వడం వరుసగా చేసి గడియారం చూడండి. పది నిమిషాలు వచ్చిందనుకుందాం. నిజం రోజున ఐదు కుటుంబాల్లో ఒకరి దగ్గర ఏదో ఒక కాగితం సరిగా ఉండదు, వాళ్లకి ఇరవై నిమిషాలు పడుతుంది. నాలుగు పదులు, ఒక ఇరవై కలిపితే అరవై. ఐదుతో భాగిస్తే కుటుంబానికి సగటున 12 నిమిషాలు. అంటే ఒక కౌంటర్ గంటకి ఐదుగురిని పంపగలదు, మూడు కౌంటర్లుంటే 15 మందిని.

అరవై కుటుంబాలు, కౌంటర్లు 9:30కి తెరుస్తారు అనుకోండి. 1 నుంచి 15 టోకెన్లు 9:30 నుంచి 10:30 వరకు. 16 నుంచి 30 వాళ్లు 10:30కి, 31 నుంచి 45 వాళ్లు 11:30కి, 46 నుంచి 60 వాళ్లు 12:30కి. ఈ నాలుగు వరుసలూ ఒక పెద్ద అట్ట మీద మందపాటి స్కెచ్ పెన్‌తో రాసి, వెనక వరుసకి కనిపించేంత ఎత్తులో అంటించండి. మీ మాటలో సగం భారం ఆ అట్ట మోస్తుంది.

సగటు వేసేటప్పుడు పది నిమిషాలే పట్టుకుని గంటకి 18 మంది అని చెప్పేస్తే ఏమవుతుందో చూశాను. మొదటి గంటలోనే మాట తప్పుతుంది, ఆ తర్వాత మీరు చెప్పే ఏ సమయాన్నీ ఎవరూ నమ్మరు.

టోకెన్ ముందు, మాట తర్వాత

చాలా చోట్ల జరిగే పొరపాటు ఇదే: జనం వరుసలో నిలబడి ఉండగా స్వాగతం చెప్తారు. వరుసలో ఉన్న మనిషి కళ్లు ముందున్నవాళ్ల వీపు మీద ఉంటాయి, తన చోటు పోతుందేమోనని. అతనికి మీ మాట వినపడదు. గుమ్మం దగ్గరే ఒకరిని నిలబెట్టి, వచ్చిన వరుసలో టోకెన్ చేతిలో పెట్టి కూర్చోమనండి. చోటు ఖాయమైందన్న ధీమా వచ్చాకే చెవులు తెరుచుకుంటాయి. గేటు 9 గంటలకి తీస్తే మాట 9:15కి మొదలుపెట్టండి. అప్పటికి ఎక్కువమంది కూర్చుని ఊపిరి తీసుకుని ఉంటారు.

మీరు బల్ల వెనక నుంచి మాట్లాడకండి. ముందుకు వచ్చి, గుమ్మం మీ కళ్ల ముందు ఉండేలా నిలబడండి. ఆలస్యంగా వచ్చినవాళ్లని మీరు చూడగలరు, వాళ్లు జనాన్ని తోసుకుంటూ మీ వెనక నుంచి రారు. మైకు ఉంటే ముందే పరీక్షించండి. లేకపోతే వెనక వరుసలో ఒక సహోద్యోగిని కూర్చోబెట్టి, వినపడకపోతే చెయ్యెత్తమనండి.

మొదటి అర నిమిషం

ఇక్కడ మీ పేరు, మీ పని, ఆ వెంటనే అన్నిటికంటే పెద్ద ప్రశ్నకి జవాబు. నేను చెప్పేది దాదాపు ఇలా ఉంటుంది:

"అందరికీ నమస్కారం. నేను ఈ స్కూల్ రిసెప్షన్ చూస్తాను. ఈ రోజు మీకు ఏ సందేహం వచ్చినా నన్నే అడగండి. ముందుగా ఒక్క మాట. ఈ రోజు మేం ఫారాలు తీసుకుంటాం, అంతే. సీటు వచ్చిందా లేదా అనేది ఈ రోజు ఎవరికీ చెప్పం. వచ్చే నెల 10వ తేదీ పొద్దున 10 గంటలకి నోటీసు బోర్డు మీద పేర్లు పెడతాం, మీ ఫోన్‌కి మెసేజ్ కూడా వస్తుంది. మీ టోకెన్ 1 అయినా 60 అయినా సీటు విషయంలో తేడా లేదు. టోకెన్ ఈ రోజు పిలిచే వరుస కోసమే."

చివరి రెండు వాక్యాలూ మీ స్కూల్ పద్ధతి నిజంగా అదే అయితేనే చెప్పాలి. అలాగే ఉంటే మాత్రం వాటిని మించిన మందు లేదు. చెప్పగానే భుజాలు కిందికి దిగడం కళ్లతో చూడొచ్చు. వెనక టోకెన్ వచ్చిందని భార్య మీద చిరాకు పడుతున్న ఆయన కూడా ఫైలు ఒళ్లో పెట్టుకుని వెనక్కి ఆనుకుంటాడు. ఒకవేళ మీ దగ్గర ముందు వచ్చినవాళ్లకే సీటు అయితే, అది కూడా ఇక్కడే చెప్పండి: ఎన్ని సీట్లు, ఏ టోకెన్ దాకా సీటు ఖాయం, ఆ తర్వాతివాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారా. 40వ టోకెన్ ఉన్నవాళ్లకి ఆ సంగతి మూడు గంటలు కూర్చున్నాక తెలియడం అన్యాయం.

"కంగారు పడకండి" అనే మాట నేను పూర్తిగా మానేశాను. కంగారు పడుతున్న మనిషికి ఆ మాట తన కంగారుని గుర్తు చేయడం తప్ప ఇంకేం చేయదు. "మీ పిల్లలు మా పిల్లల్లాంటివాళ్లే, తప్పకుండా చేర్చుకుంటాం" లాంటి మాట అసలు రానివ్వకండి. మనం మర్యాదకి అన్నది వాళ్లు హామీగా దాచుకుంటారు. పేరు రాని రోజున ఆ మాటే పట్టుకుని వస్తారు, అలా రావడంలో తప్పు కూడా లేదు.

కాగితాలు: చెప్పకండి, తీయించండి

ఆరు నిమిషాల్లో రెండున్నర నిమిషాలు దీనికే ఇవ్వండి. కాగితాల జాబితా చదివితే అందరూ తల ఊపుతారు. తల ఊపినవాళ్లలో కొందరి ఫైల్లో అవి ఉండవు, ఆ సంగతి రెండు గంటల తర్వాత కౌంటర్ దగ్గర తెలుస్తుంది. అందుకే నేను ఒక నమూనా ఫైలు చేత్తో పట్టుకుని, ఒక్కొక్క కాగితమే పైకెత్తి చూపించి, వాళ్లచేత కూడా తీయిస్తాను.

"ఇప్పుడు అందరూ ఫైళ్లు తెరవండి. మొదట పుట్టిన తేదీ సర్టిఫికెట్. ఇదిగో, ఇలా ఉంటుంది. చేతిలోకి తీసుకోండి. దాని మీద పిల్లల పేరు, మీరు ఫారంలో రాసిన పేరు అక్షరం అక్షరం ఒకటేనా చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా సరే, తేడా కనిపిస్తే ఫారం మూల మీద చిన్న టిక్కు పెట్టుకోండి. కొట్టేసి దిద్దకండి. తర్వాత చెప్తాను."

ఇలా చెప్పి ఆగాలి. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకోండి. ఆ నిశ్శబ్దం మీకు పెద్దగా అనిపిస్తుంది, కాగితం వెతుక్కుంటున్నవాళ్లకి చాలీ చాలకుండా ఉంటుంది. తర్వాత చిరునామా కాగితం, పాత స్కూల్ టీసీ అవసరమైన తరగతులకి టీసీ, టీకాల కార్డు, ఫొటోలు, ఒక్కొక్కటీ ఇదే పద్ధతిలో. మీ స్కూల్‌కి ఏవి కావాలో అవే. జిరాక్సులు ఎన్ని సెట్లో చెప్పేటప్పుడు "రెండు సెట్లు, ఒరిజినల్స్ చూసి వెంటనే మీకే ఇచ్చేస్తాం" అనండి. ఒరిజినల్ తమ దగ్గరే ఉంచేసుకుంటారేమోనన్న భయం చాలామందికి ఉంటుంది, పైకి అడగరు.

ఒకసారి ఇలా తీయిస్తుండగా రెండో వరుసలో ఒక తల్లి మొహం పాలిపోయింది. ఫారంలో పాప పేరు ఒకలా, సర్టిఫికెట్‌లో ఇంకో అక్షరంతో ఉంది. ఆమె టోకెన్ 44. పాత పద్ధతిలో అయితే పన్నెండు గంటలు దాటాక కౌంటర్ దగ్గర తెలిసేది, అప్పుడు కొత్త ఫారం కోసం మళ్లీ నా దగ్గరికి, మళ్లీ వరుసలోకి. ఆ రోజు 9:20కే తెలిసింది. మాట అయ్యాక పక్క బల్ల దగ్గరికి వచ్చింది. సర్టిఫికెట్‌లో ఉన్నట్టే కొత్త ఫారం నింపింది. పేరు మార్పించుకోవాలంటే ముందు సర్టిఫికెట్‌లో మార్పించుకోవాలని, అది అయ్యాక స్కూల్ రిజిస్టర్ సంగతి చూడొచ్చని చెప్పాం. తన వంతు వచ్చేసరికి కౌంటర్ దగ్గర ఆమెకి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ పక్క బల్ల ఉండడం ముఖ్యం. మాటలో దాని గురించి ఇలా చెప్పండి: "టిక్కు పెట్టుకున్నవాళ్లు, ఏదైనా కాగితం తక్కువైనవాళ్లు కిటికీ పక్కన ఉన్న ఆ బల్ల దగ్గరికి రండి. మీ టోకెన్ నంబర్ పోదు. ఒక్క కాగితం తక్కువైనా ఫారం తీసుకుంటాం, అది తెచ్చి ఇవ్వడానికి ఏడు రోజులు టైమ్ ఉంది." గడువు ఎన్ని రోజులో ముందు రోజు మీరు రాసుకున్న కాగితం చూసి చెప్పండి. గడువే లేకపోతే అది కూడా ఇప్పుడే చెప్పాలి. ఇంటికి వెళ్లి తెచ్చుకునే వేళ ఇంకా ఉంది కదా.

వయసు తేదీ కూడా ఇక్కడే. "ఒకటో తరగతికి, ఫలానా తేదీ నాటికి ఇన్నేళ్లు నిండి ఉండాలి" అని ఒకసారి చెప్పి, అదే వాక్యం మళ్లీ చెప్పండి. కొద్ది రోజులు తక్కువైన పిల్లలు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ల వైపు చూడకండి, చేతులెత్తమనకండి. "కొద్ది రోజుల తేడా ఉన్నవాళ్లు పక్క బల్ల దగ్గర మాట్లాడండి" అని ముందుకు వెళ్లిపోండి. అక్కడ కూర్చున్నవాళ్లకి మినహాయింపు ఇచ్చే అధికారం లేకపోతే "చూద్దాం" అనకూడదు. నియమం ఏమిటో, ఎవరికి రాతపూర్వకంగా అడగొచ్చో, కింది తరగతిలో చోటుందో లేదో చెప్పాలి.

సమయం చెప్పే వాక్యం

అట్ట వైపు చెయ్యి చూపి నాలుగు వరుసలూ చదవండి. "మీ గంట వచ్చేదాకా బయటికి వెళ్లి రావచ్చు, కానీ మీ గంట మొదలయ్యే 15 నిమిషాల ముందు వచ్చేయండి. పిలిచినప్పుడు లేకపోతే నంబర్ పోదు, రాగానే తర్వాతి ఖాళీలో పిలుస్తాం." ఈ చివరి వాక్యం లేకపోతే ఎవరూ కుర్చీ వదలరు, చిన్నపిల్లలు మూడు గంటలు అక్కడే కూర్చుని ఏడుస్తారు. నీళ్లు, బాత్‌రూమ్ ఎటువైపో ఇక్కడే చెప్పండి.

పిల్లల మాట

హాల్లో ఉన్న పెద్దల టెన్షన్ పిల్లల దగ్గరికి ఎలా వెళ్తుందో చూడాలంటే, మాట మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు గమనించండి. "మీ పేరేంటని అడిగితే గట్టిగా చెప్పాలి, సరేనా?", "రంగులు చెప్పు, మళ్లీ చెప్పు" అని తల్లిదండ్రులు చెవిలో వల్లె వేయిస్తుంటారు. అప్పటిదాకా ఆడుకుంటున్న పాప తల్లి చున్నీలో మొహం దాచుకుంటుంది.

మీ స్కూల్‌లో ఈ రోజు పిల్లల్ని ఏమీ అడగకపోతే, తెరిచి చెప్పండి: "ఈ రోజు పిల్లల్ని ఎవరూ ఏమీ అడగరు. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. మీ పాపో బాబో ఏడ్చినా, మాట్లాడకపోయినా, నిద్రపోయినా ఫారం మీద ఎక్కడా రాయం." టీచర్ కాసేపు మాట్లాడే పద్ధతి ఉంటే, అది ఎవరు, ఎంతసేపు, తల్లిదండ్రులు పక్కన ఉండొచ్చా, ఏం చూస్తారు అనేవి చెప్పండి. ప్రిన్సిపాల్‌ని అడిగి తెలుసుకోకుండా "ఊరికే సరదాకి" అని తేల్చేయకండి. నిజంగా సరదాకే అయితే సరే, దాన్ని బట్టి నిర్ణయం ఉంటే ఆ మాట మోసమవుతుంది.

ఈ భాగం చెప్పేటప్పుడు పిల్లల వైపు కూడా చూడండి. ఒక మూల పలకలు, రంగుపెన్సిళ్లు, చాప వేసి ఉంచితే, "ఆ చాప మీద ఎవరైనా కూర్చోవచ్చు" అని వాళ్లకే చెప్పండి. ఇద్దరు కదిలితే మిగతావాళ్లు వెళ్తారు.

అందరి ముందు అడగలేని విషయాలు

నేను అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధతో చెప్పే భాగం ఇది, ఒక్క నిమిషమే అయినా. ఆ హాల్లో ఫారం చదవడం రానివాళ్లు ఉండొచ్చు. ఒంటరిగా పిల్లని పెంచుతున్న తల్లి ఉండొచ్చు, తండ్రి పేరు గడి దగ్గర పెన్ను ఆగిపోయి ఉంటుంది. ఇంకా మాటలు రాని బాబు, వినికిడి మిషన్ పెట్టుకున్న పాప ఉండొచ్చు. ఫీజు కట్టగలమో లేదో అనుకుంటున్నవాళ్లు ఉండొచ్చు. వీళ్లలో ఎవరూ చెయ్యెత్తి అడగరు. "ఏమైనా సమస్యలుంటే చెప్పండి" అంటే ఇంకా ముడుచుకుంటారు, ఎందుకంటే ఆ బల్ల దగ్గరికి నడిచి వెళ్లడమే తమకి సమస్య ఉందని అందరికీ చూపించడం.

అందుకని వెళ్లడానికి ఒక మామూలు కారణం మీరే చేతికివ్వండి. "ఫారం నింపడంలో సాయం కావాలంటే ఆ బల్ల దగ్గర ఇద్దరున్నారు. కళ్లజోడు మరిచిపోయినవాళ్లు, చేతిరాత అర్థం కాదేమో అనుకునేవాళ్లు, ఎవరైనా వెళ్లొచ్చు. మీరు చెప్తుంటే వాళ్లు రాసి, చదివి వినిపిస్తారు." కళ్లజోడు మాట వల్ల చదవడం రానివాళ్లు తలెత్తుకుని వెళ్లగలిగారు. ఈ వాక్యం చేర్చిన ఏడాది ఆ బల్ల దగ్గర రద్దీ బాగా పెరిగింది, కౌంటర్ల దగ్గర ఖాళీగా వదిలేసిన గడులు తగ్గాయి.

దాని తర్వాత: "ఫారంలో ఏ గడి గురించైనా విడిగా మాట్లాడాలనుకుంటే ఆ గడి ఖాళీగా వదిలి, నాతో ఒక్క నిమిషం మాట్లాడాలి అనండి చాలు. కారణం ఇక్కడ చెప్పనక్కర్లేదు. పక్క గదిలో కూర్చుని మాట్లాడుకుందాం." ఈ మాట ఇచ్చాక గది నిజంగా ఖాళీగా ఉండాలి, మీరు నిజంగా లేచి వెళ్లాలి. నిలబడి, వరుస ముందు, గొంతు తగ్గించి మాట్లాడితే చెప్పిన మాటకి విలువ ఉండదు.

ప్రశ్నలు తీసుకోవడం

"ఏమైనా ప్రశ్నలున్నాయా?" అని వదిలేస్తే మొదట లేచేది గొంతు పెద్దదైనవాళ్లు, వాళ్ల సొంత విషయంతో. నేను ముందు వాళ్లనే ఒక ప్రశ్న అడుగుతాను, పరీక్షలా కాకుండా నా మీద పెట్టుకుని: "నేను సరిగా చెప్పానో లేదో చూసుకుంటాను. సీటు సంగతి ఏ రోజు తెలుస్తుందని చెప్పాను?" నాలుగైదు గొంతులు "పదో తారీఖు" అంటాయి. "కాగితం తక్కువైతే ఎటు వెళ్లాలి?" చేతులు కిటికీ వైపు చూపిస్తాయి. ఎవరూ పలకకపోతే తప్పు నాది, ఆ వాక్యం మళ్లీ చెప్తాను. తర్వాత రెండు మూడు ప్రశ్నలు, అందరికీ పనికొచ్చేవే. ఒక్కరి విషయం అయితే, "అండీ, మీది వివరంగా చూడాలి, ఇది అవ్వగానే నేనే మీ దగ్గరికి వస్తాను" అని, వెళ్లాలి.

జవాబు తెలియకపోతే ఊహించి చెప్పకండి. ప్రశ్నని అందరి ముందు రాసుకుని, "పది గంటలకి కనుక్కుని ఇక్కడే చెప్తాను" అనండి. పదింటికి చెప్పండి, జవాబు ఇంకా దొరకకపోయినా ఆ మాటే చెప్పండి.

మాట అయ్యాక

9:15కి అందరూ వచ్చి ఉండరు. తర్వాత వచ్చినవాళ్ల కోసం అరగంటకోసారి, గుమ్మం దగ్గర ఒకటిన్నర నిమిషంలో మూడే చెప్పండి: ఫలితం తేదీ, పక్క బల్ల, సమయాల అట్ట. మిగతాది ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి టోకెన్‌తో పాటు ఇవ్వండి.

10:30కి అట్ట దగ్గరికి వెళ్లి లెక్క చూసుకోండి. 15 టోకెన్లు అవ్వాల్సింది 11 దగ్గరే ఉన్నారనుకుందాం. అంటే గంటకి 11 మంది వేగం. అదే కొనసాగితే 16వ టోకెన్ సుమారు 10:50కి, 31వది 12:15కి, 46వది 1:35కి వస్తుంది. పాత సమయాలు కొట్టేసి కొత్తవి రాయండి, రాసి నోటితో చెప్పండి: "అనుకున్నదాని కంటే నెమ్మదిగా నడుస్తోంది. సర్టిఫికెట్లలో పేర్ల తేడాలు ఎక్కువగా వచ్చాయి. కొత్త సమయాలు ఇవి." కారణం చెప్పిన ఆలస్యాన్ని జనం భరిస్తారు. అట్ట మీద పాత సమయం అలాగే ఉండి, గడియారం దాన్ని దాటిపోతే కౌంటర్ల ముందు గుంపు కడతారు, అప్పుడు ఇంకా నెమ్మదిస్తుంది.

సాయంత్రం వెళ్లే ముందు, రోజంతా మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి, ఎన్నిసార్లు వచ్చిందో పక్కన గీతలు పెట్టండి. మూడు గీతలు దాటిన ప్రశ్న ఏదైనా రేపటి మాటలోకి వెళ్తుంది, దాని కోసం ఇంకో వాక్యం బయటికి పోతుంది. కిందటిసారి తొమ్మిది గీతలతో పైన నిలిచిన ప్రశ్న "మెసేజ్ ఏ నంబర్‌కి వస్తుంది?" అన్నది. ఫారంలో రెండు ఫోన్ నంబర్ల గడులుంటే, ఏ నంబర్‌కి పంపుతామో నేను చెప్పనే లేదు. మర్నాడు మొదటి అర నిమిషంలో "మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది" అన్న చోట "ఫారంలో మొదటి గడిలో రాసిన నంబర్‌కి మెసేజ్ వస్తుంది, ఇప్పుడే ఒకసారి అంకెలు సరిచూసుకోండి" అని మార్చాను. ఆ రోజు ముగ్గురు అక్కడికక్కడే నంబర్ దిద్దుకున్నారు.